మధ్యాహ్నం పూట ఆగిపోయే సోలార్‌ను కడిగితే ఏమొస్తుంది?

సంపాదకుడు గారికి,

మీ జిల్లా పేజీలో ఈ మధ్య ఒకే రకం ఫిర్యాదులు కనిపిస్తున్నాయి. మిద్దె మీద సోలార్ పెట్టించుకున్నాం, మొదట్లో బాగానే వచ్చింది, ఎండాకాలం వచ్చేసరికి యూనిట్లు పడిపోయాయి, పెట్టినవాళ్లేమో ఫోన్ ఎత్తరు అని. ఎత్తినా చెప్పేది ఒకటే మాట: "ప్యానెళ్లు కడుక్కోండి సార్." నేను అనంతపురంలో మోటారు వైండింగ్ షాపు నడుపుతాను. సోలార్ అమ్మను, కానీ మా వీధిలోగానీ చుట్టాల్లోగానీ ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ మీద ఎవరికి ఎర్ర లైటు వెలిగినా నాకే ఫోన్ వస్తుంది. అట్లా చూసినవాటిలో కడగడంతో బాగయ్యేవి కొన్నే. మిగతావి ఇన్వర్టర్ ముందు ఐదు నిమిషాలు నిలబడితే తెలిసిపోతాయి, అది మాత్రం ఎవరూ చెప్పరు.

ఒక ఇంటి సంగతి చెప్తాను. ఊరి బయట కొత్త కాలనీ, 3 కిలోవాట్ల సిస్టమ్, సబ్సిడీ 78 వేలు వచ్చింది. కిలోవాటుకు రోజుకు నాలుగు యూనిట్లు లెక్క వేసుకుంటే 12 రావాలి, ఫిబ్రవరిలో అట్లనే వచ్చాయి కూడా. మే నెలకు 8కి దిగాయి. ఆ ఇంటాయన బోరు నీళ్లతో కడిగించాడు, మరునాడు ఒక యూనిట్ పెరిగింది, అంతే. మళ్లీ కడిగించాడు, ఈసారి అదీ పెరగలేదు.

ముందు ఎండ లెక్క తీసేద్దాం, ఎందుకంటే మన దగ్గర చాలామంది ఇక్కడే పొరబడతారు. ప్యానెల్‌కు వెలుతురు కావాలి, వేడి పనికిరాదు. దాని మీద రాసిన వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. మేలో మధ్యాహ్నం అది 65 దాకా కాగుతుంది, 25 పైన ఒక్కో డిగ్రీకి నూటికి 0.35 దాకా పోతుందనుకుంటే ఏడో వంతు వేడికే పోతుంది. కాబట్టి 3 కిలోవాట్లది మిట్టమధ్యాహ్నం 2.4 చూపిస్తే కంగారు పడాల్సింది లేదు. కానీ 12 కాస్తా 8 కావడానికి ఒక్క వేడి చాలదు.

దుమ్మా ఇంకోటా అన్నది ఫోన్ యాప్‌లో ఆ రోజు గీత చూస్తే తెలిసిపోతుంది. మబ్బు లేని రోజుది చూడాలి. దుమ్ము పట్టిన ప్యానెల్ గీత కూడా పొద్దున లేచి, మధ్యాహ్నం ఎక్కి, సాయంత్రం దిగుతుంది, నునుపుగానే ఉంటుంది, కాకపోతే మొత్తం ఎత్తు తగ్గుతుంది. రోజూ ఒకే టైముకు ఒక పక్క గుంట పడుతోందంటే అది నీడ, పక్కింటోళ్లు కొత్తగా కట్టిన ట్యాంకో, కేబుల్ స్తంభమో చూసుకోవాలి. ఈ ఇంట్లో గీత పదకొండు దాకా చక్కగా ఎక్కి, అక్కడి నుంచి రెండున్నర దాకా రంపం పళ్లలా ఉంది. సున్నాకు పడటం, మళ్లీ లేవడం, మళ్లీ పడటం. దుమ్ము అట్లా వచ్చి పోదు కదా.

మధ్యాహ్నం ఇన్వర్టర్ దగ్గర నిలబడి చూశాం. నిలకడగా వెలుగుతున్న పచ్చ లైటు ఆరిపోయింది, పక్కన అలారం లైటు వచ్చింది, తెరమీద OV-G-V అని పడింది. నిమిషం పైన ఆగి పచ్చది మిణుకుమిణుకుమని, మళ్లీ నిలకడకు వచ్చింది. కాసేపటికి మళ్లీ అదే కథ. ఆ అక్షరాల అర్థం, కరెంటు లైను వోల్టేజీ హద్దు దాటింది అని. వేరే కంపెనీ దాంట్లో ఇదే జబ్బుకు AC V Outrange అని వస్తుంది. అంటే ప్యానెళ్లూ బాగున్నాయి, ఇన్వర్టరూ బాగుంది. లైను మోయలేనంటోంది కాబట్టి అది పక్కకు తప్పుకుంటోంది.

ఎందుకు దాటుతుందంటే, ఇంటికి రావాల్సింది 230 వోల్టులు, దాని మీద పది శాతం ఎక్కితే 253, చాలా ఇన్వర్టర్లకు హద్దు ఆ చుట్టుపక్కలే పెట్టి ఉంటుంది. మన వీధి ట్రాన్స్‌ఫార్మర్ మీద 11 కేవీ / 433 వోల్టులని రాసి ఉంటుంది. మూడు ఫేజుల మధ్య 433 అంటే ఒక ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 250. లోడు లేనప్పుడు అది హద్దుకు మూడు వోల్టుల దూరంలోనే కూర్చుని ఉంటుందన్నమాట. మధ్యాహ్నం ఇళ్లల్లో వాడకం తక్కువ, మిద్దెల మీద సోలార్ మాత్రం దంచుతుంటుంది, ఆ కరెంటు ఇంటి నుంచి స్తంభం వైపు తోసుకుంటూ వెళ్లాలి కాబట్టి సర్వీసు వైరు సన్నదైనా, జాయింటు లూజైనా ఇంటి దగ్గర వోల్టేజీ ఇంకా పైకి లేస్తుంది.

తప్పు ఎవరిదో తేల్చడానికి మీటరు కూడా అక్కర్లేదు. ఇన్వర్టర్ తెరమీద లైను వోల్టేజీ కనిపిస్తుంది. ఆగిపోయే ముందు ఎంతుందో, ఆగిన వెంటనే ఎంతుందో రాసుకోవాలి. ఈ ఇంట్లో నడుస్తున్నప్పుడు 254, ఆగగానే 246. ఆ ఎనిమిది వోల్టుల తేడా చాలావరకు ఇంటికీ స్తంభానికీ మధ్యనే పుడుతోంది. లైన్‌మన్‌ను పిలిపించి చూపిస్తే స్తంభం మీద అల్యూమినియం వైరు చేత్తో మెలిపెట్టి వదిలేశారు, నల్లగా మాడి ఉంది. కోసేసి సరైన కనెక్టర్ వేసి బిగించాక నడుస్తున్నప్పుడు 249 దాటలేదు, గీతలో పళ్లు పోయాయి, యూనిట్లు 11కి ఎక్కాయి. మేలో 3 కిలోవాట్లకు 11 మంచి లెక్కే.

అదే వీధిలో ట్రాన్స్‌ఫార్మర్‌కు దగ్గరగా ఉన్న ఇంకో ఇంట్లో మాత్రం ఇన్వర్టర్ ఆగిపోయినా 252 ఉంటోంది. అక్కడ ఇంటివాళ్లు ఏ వైరు మార్చుకున్నా లాభం లేదు. ట్రాన్స్‌ఫార్మర్‌కు వోల్టేజీ ఎక్కువ తక్కువ చేసే ట్యాప్ ఉంటే ఒక మెట్టు దించాలి, లేదా సోలార్ ఇళ్లన్నీ ఒకే ఫేజు మీద పడి ఉంటే విడగొట్టాలి. రెండూ కరెంటు ఆఫీసు చేయాల్సిన పనులు. అర్జీ ఇస్తే "సోలార్ మాది కాదు, పెట్టినోళ్లనే అడగండి" అన్నారట. పెట్టినోళ్లు పంపిన కుర్రాడేమో "హద్దు 270కి పెంచేస్తా అన్నా" అన్నాడు. వద్దన్నాను. విద్యుత్ సంస్థ ఒప్పుకోకుండా అది మార్చకూడదు, పైగా ఆ వోల్టేజీ ఇంట్లో టీవీకీ ఫ్రిజ్‌కీ కూడా పోతుంది.

లైట్ల సంగతి ఇంకొంచెం. మామూలుగా పచ్చ నిలకడగా ఉంటే పని చేస్తోందని, మిణుకుమంటే లైనుకోసమో ఎండకోసమో ఎదురుచూస్తోందని, ఎరుపో నారింజో అయితే ఏదో అడ్డం పడిందని. కానీ కంపెనీకో తీరు. ఒక రకం ఇన్వర్టర్‌లో POWER అన్న లైటే ఎర్రగా ఉంటుంది, ప్యానెళ్ల నుంచి కరెంటు వస్తోందని దానర్థం, పగలంతా వెలగాల్సిందే. అది చూసి టెన్షన్ పడి ఆపేసుకున్న ఇల్లు కూడా ఉంది. రంగు కంటే లైటు కింద రాసింది చదవడం మేలు. NO-Grid అని వస్తే కరెంటు పోయిందని. కరెంటు పోతే బ్యాటరీ లేని సోలార్ ఆగి తీరాలి, లేకపోతే స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు మన ఇంటి కరెంటు కొడుతుంది. ఊరంతా కరెంటు ఉండి మన తెర మీదే అది కనిపిస్తే ఇన్వర్టర్ పక్కన ఏసీ ఎంసీబీ పడిపోయిందేమో చూడండి. ఒక్కసారి ఎత్తవచ్చు, మళ్లీ పడితే ఎత్తవద్దు.

తేలిగ్గా తీసుకోకూడనిది ఒకటుంది, PV ISO-PRO లేదా PV Isolation Low. వాన పడ్డ మరునాడు పొద్దున వచ్చి, ఎండెక్కాక దానంతటదే పోతుంది. పోయింది కదా అని వదిలేస్తారు. ప్యానెల్ వైపు వైరు ఎక్కడో ఎలుక కొరికో, కనెక్టర్‌లో తడి చేరో, కరెంటు ఫ్రేముకు తగులుతోందని అర్థం. ఆరు ప్యానెళ్లు వరసగా కలిపితే 300 వోల్టుల దాకా డీసీ ఉంటుంది, వెలుతురు ఉన్నంతసేపూ ఏ స్విచ్ ఆపినా ప్యానెల్ దగ్గర అది చావదు. ఆ లైటు ఉన్నప్పుడు మిద్దె ఎక్కి కడగడం, ఫ్రేము పట్టుకోవడం, కనెక్టర్ లాగడం ఏదీ చేయవద్దు. ముందు ఏసీ, తర్వాత డీసీ స్విచ్ ఆపి మనిషిని పిలవాలి.

ఇక నిజంగానే దుమ్ము అయితే. మన దగ్గర ఆషాఢం గాలికి ఎర్రమట్టి లేస్తుంది, దానిమీద నాలుగు చినుకులు పడి ఆగిపోతాయి, అంతే, బురద పూత. ప్యానెల్ వాలు తక్కువ కాబట్టి ఆ మట్టి జారి కింది అంచున ఫ్రేము దగ్గర బెత్తెడు పట్టీలా గడ్డకడుతుంది. పైనుంచి చూస్తే మిగతాదంతా శుభ్రంగానే ఉంటుంది, కానీ పొడవు పైనుంచి కిందికి ఉండేలా పెట్టిన ప్యానెల్‌లో కింది వరస సెల్స్ అన్నీ ఆ పట్టీ కిందే పడతాయి. సెల్స్ ఒకదానికొకటి వరసగా కలిపి ఉంటాయి, ఒక్క వరస మూసుకుపోతే దాంతో కలిసిన సగం ప్యానెల్ పడుకుంటుంది. పావురాల రెట్ట కూడా అంతే, పైగా ఆ చోటు కాగి మాడుతుంది. కాబట్టి మధ్యలో తుడిచి దిగిపోకుండా ఆ అంచును మెత్తటి గుడ్డతో తీయాలి.

తెల్లవారుజామునే కడగాలి. కాగిన అద్దం మీద చల్లటి నీళ్లు పోస్తే పగలవచ్చు, పగలకపోయినా నీళ్లు అక్కడికక్కడే ఆరి మరకలు మిగులుతాయి. బోరు నీళ్లు ఉప్పు, ఆరనిస్తే తెల్లటి పొర పడుతుంది, నాలుగైదు సార్లు అట్లా ఆరిందంటే అది మామూలు నీళ్లకు పోదు. బోరు నీళ్లు పోసినా సరే, వెంటనే రబ్బరు వైపర్‌తో పూర్తిగా లాగేయాలి. ఆర్వో మిషన్ బయటికి వదిలే నీళ్లు ఎందుకు పారబోయాలని బకెట్లలో పట్టి ప్యానెళ్లకు వాడుతున్నారు, అవి బోరు నీళ్లకంటే ఉప్పు, మొక్కలకే మంచివి కావు. సబ్బు పొడి, యాసిడ్, స్టీలు పీచు, ప్రెషర్ పంపు ఏవీ వద్దు. ప్యానెళ్ల మీద కాలు పెట్టవద్దు, పగులు కంటికి కనపడదు, యూనిట్లలో కనపడుతుంది. కడిగాక మరునాడు అదే టైముకు తెరమీద వాట్లు చూసుకుంటే ఎంత పెరిగిందో తెలుస్తుంది, నెలాఖరు బిల్లు దాకా ఆగక్కర్లేదు.

అధికారులను అడిగేది రెండే. ప్రధానమంత్రి సూర్యఘర్ కింద పెట్టినవాళ్లు ఐదేళ్లు సర్వీసు చూడాలి, అందులో భాగంగా ఆ ఇన్వర్టర్ లైట్లకూ తెరమీద పడే కోడ్లకూ అర్థం తెలుగులో ఒక కాగితం గోడకు అతికించకుండా డబ్బు విడుదల చేయవద్దు. రెండోది, మధ్యాహ్నం వోల్టేజీ ఎక్కువని ఎవరైనా ఆగకముందూ ఆగినాకా అంకెలు రాసి అర్జీ ఇస్తే దాన్ని కరెంటు ఫిర్యాదుగానే నమోదు చేసుకుని, ఎండ ఉన్న పూటే లైన్‌మన్‌ను పంపండి. సాయంత్రం ఐదింటికి వచ్చి చూస్తే 235 ఉంటుంది, "అంతా బాగుంది" అని రాసుకుని పోతారు.

ఇట్లు,
మోటారు వైండింగ్ షాపు యజమాని, అనంతపురం