లవంగ నూనె సీసా మీద ఆ రెండు ముక్కలూ రాయించండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఇంటి చిట్కాల కింద పంటి పోటుకు లవంగ నూనెలో దూది ముంచి పన్ను మీద పెట్టుకోమని వచ్చింది. విజయవాడలో చాలా ఏళ్లుగా పళ్ల డాక్టరుగా పనిచేస్తున్నాను కాబట్టి దీని గురించి రాయకుండా ఉండలేకపోయాను. చిట్కాను తప్పు పట్టడం లేదు. మన అమ్మమ్మలు చెప్పిందే, పనిచేసేదే. కానీ ఎంత నూనె, దేంట్లో కలిపి, ఎంతసేపు ఉంచాలి అన్న మూడు సంగతులూ అందులో లేవు. మా దగ్గరకు నోరు కాల్చుకుని వచ్చేవాళ్లందరూ ఆ మూడింటి దగ్గర పొరపడినవాళ్లే.

లవంగ నూనెలో ముప్పాతిక వంతుకు అటూ ఇటూగా ఉండేది యూజినాల్ అనే పదార్థం. నరాన్ని కాసేపు మొద్దుబార్చేది అదే. మేమూ దాన్ని వాడతాం. జింక్ ఆక్సైడ్ పొడిలో యూజినాల్ కలిపి ముద్ద చేసి, పుచ్చు శుభ్రం చేశాక తాత్కాలికంగా పూడుస్తాం. పళ్ల క్లినిక్‌లో అడుగు పెట్టగానే ముక్కుకు తగిలే ఆ లవంగం ఘాటు దాని వల్లే. అయితే అక్కడ పొడి దాన్ని పట్టి ఉంచుతుంది, ముద్ద పంటి గుంటలోనే గట్టిపడుతుంది. చిక్కని నూనె నేరుగా చిగురుకో బుగ్గ లోపలి పొరకో తగిలి, అక్కడే ఉండిపోతే మాత్రం ఆ మెత్తటి చర్మంలోని కణాలు చచ్చిపోతాయి. ఆ చోటు తెల్లగా పాలిపోయి, పొరలా ఊడి, కింద ఎర్రటి పుండు బయటపడుతుంది. అంటే నోట్లో రసాయనంతో కాలిన గాయం.

ఈమధ్య చూసిన ఒక కేసు చెబుతాను. ఆటోనగర్‌లో పనిచేసే కుర్రాడు. ఎడమవైపు కింది దవడలో పెద్ద పన్ను పిప్పి పట్టి చాలా రోజులైంది. శనివారం రాత్రి పడుకోగానే పోటు ఎత్తుకుంది. వన్‌టౌన్‌లో మూలికల కొట్టులో కొన్న చిన్న సీసా ఇంట్లో ఉంది. చుక్కలుగా పడే మూత లేదు, ఎలా వాడాలో రాసిన చీటీ లేదు. దూది ఉండను నూనెలో తడిసి ముద్దయ్యేదాకా ముంచి, పిప్పిలోనూ దాని పక్కన చిగురు మీదా కుక్కుకుని పడుకున్నాడు. కాసేపటికి పోటు తగ్గింది, నిద్ర పట్టింది. ఆ మొద్దు కిందే నూనె చిగురును కాలుస్తోందన్న సంగతి అతనికి తెలిసే వీలు లేదు. మంట తెలియాల్సిన నరాన్నే ఆ నూనె మొద్దుబార్చింది మరి.

తెల్లారి లేచేసరికి బుగ్గ లోపల భగభగ మంట. అద్దంలో చూసుకుంటే తెల్లటి మచ్చ. చీము పట్టిందనుకుని మళ్లీ అదే నూనె రాశాడు. సోమవారం మా దగ్గరకు వచ్చినప్పుడు పన్ను ఎక్కువ నొప్పో, బుగ్గ ఎక్కువ నొప్పో తేల్చి చెప్పలేకపోయాడు. బుగ్గ మీద ఆ మచ్చ సరిగ్గా దూది ఆనిన మేరకే ఉంది, అంచు గీత గీసినట్టుంది. చీముకు అలాంటి అంచు ఉండదు. పైగా చీము పడితే చిగురు ఉబ్బుతుంది, వేలితో నొక్కితే మెత్తగా తగులుతుంది. ఇక్కడ అదేమీ లేదు, పొరొక్కటే మాడింది. దూది తీసి, నోరు మామూలు నీళ్లతో బాగా పుక్కిలించమన్నాం. కారం, వేడి తగ్గించమన్నాం. గుంటూరు జిల్లాలో అత్తవారిల్లున్న కుర్రాడికి కారం మానమంటే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఇలాంటి గాయం లోతు లేకపోతే వారం పది రోజుల్లో దానంతటదే మానుతుంది. రెండు వారాలు దాటినా మానని ఏ పుండునైనా మాత్రం డాక్టరుకు చూపించి తీరాలి. పంటికి చివరికి రూట్ కెనాల్ చేయాల్సి వచ్చింది. నూనె రాసినా రాయకపోయినా అది తప్పేది కాదు.

మరి రాత్రి పదకొండుకు పోటు వస్తే ఏం చేయాలి? క్లినిక్కులన్నీ మూసుంటాయి, మనిషి గోడకు తల కొట్టుకునే పరిస్థితి. అప్పుడు లవంగ నూనె వాడొచ్చు, కానీ పలుచన చేసుకుని. ఒక టీస్పూను కొబ్బరి నూనెలోనో నువ్వుల నూనెలోనో రెండు మూడు చుక్కలు, అంతే. నీళ్లలో కలిపేవాళ్లున్నారు, అది కలవదు. నూనె పైన తేలుతుంది, దూదికి అంటుకునేది ఆ చిక్కని చుక్కే. ముందు గోరువెచ్చని ఉప్పునీళ్లతో పుక్కిలించి, పిప్పిలో ఇరుక్కున్న మెతుకులు వదిలించుకోవాలి. చాలాసార్లు సగం పోటు అక్కడే తగ్గుతుంది. తర్వాత మినప గింజంత దూది ఉండ చేసి, కలిపిన నూనెలో ముంచి, చెంచా అంచుకు ఒత్తి పిండాలి. కారుతూ ఉండకూడదు. దాన్ని పిప్పి గుంటకే ఆనించాలి, చిగురుకు కాదు. కొద్ది నిమిషాలుంచి తీసేసి ఉమ్మేయాలి. మంట మొదలైతే ఆ క్షణమే తీసేసి నీళ్లతో పుక్కిలించాలి. నోట్లో దూది పెట్టుకుని నిద్రపోకూడదు. ఒకటి రెండు రోజులకు మించి దీని మీదే నెట్టుకురాకూడదు.

నూనె లేకపోతే వంటింట్లో లవంగం ఉంటుంది. మొగ్గలో నూనె బరువులో ఐదో వంతుకు మించదు, అదీ నెమ్మదిగా ఊరుతుంది కాబట్టి, సీసాలోని చిక్కని నూనె అంత దెబ్బ తీయదు. దాన్ని పంటి పక్కన కాసేపు పెట్టుకుని ఉమ్మేయొచ్చు. నూరిన ముద్దను చిగురు మీద గంటల తరబడి ఉంచితే అదీ కాలుస్తుంది. నొప్పి మాత్ర పొడి చేసి చిగురు మీద అద్దేవాళ్లను కూడా చూస్తుంటాను. ఆస్పిరిన్ అలా పెడితే అచ్చం ఇలాంటి తెల్లటి గాయమే చేస్తుంది. మాత్ర మింగడానికి, అద్దడానికి కాదు.

డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు లవంగ నూనె రాశానని చెప్పడం మరిచిపోకండి. పంటి రంగులో వేసే ఫిల్లింగ్ గట్టిపడకుండా యూజినాల్ అడ్డుపడుతుంది. తెలిస్తే పన్ను శుభ్రం చేసి వేస్తాం, లేకపోతే ఫిల్లింగ్ త్వరగా ఊడిపోయే అవకాశం ఉంది.

జనం ఎక్కువగా మోసపోయే చోటు ఇంకొకటి ఉంది. పోటు తగ్గితే జబ్బు తగ్గిందనుకుంటారు. పంటి లోపల నరమూ రక్తనాళాలూ ఉండే గుజ్జు గట్టి గోడల మధ్య ఇరుక్కుని ఉంటుంది. పిప్పి దానిదాకా చేరితే వాచడానికి చోటు లేక పోటు పెడుతుంది. చల్లటి నీళ్లు తాగితే జివ్వుమని, వెంటనే తగ్గిపోతే ఇంకా ఫిల్లింగుతో పోయే దశలో ఉండొచ్చు. చల్లదనం పోయాక కూడా నొప్పి నిమిషం పాటు లాగుతూ ఉంటే, లేదా ఏమీ తినకుండానే రాత్రి దానంతటదే లేస్తే, ఆ గుజ్జు కోలుకోదు. వేడికి పోటు లేచి, చల్లటి నీళ్లు నోట్లో పట్టుకుంటే ఊరటగా ఉంటే ఇంకా చివరి దశ. ఆ తర్వాత ఒకరోజు పోటు మాయమవుతుంది. లవంగ నూనె పనిచేసిందని ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. అసలు జరిగింది లోపలి నరం చచ్చిపోవడం. కొన్ని వారాలకో నెలలకో వేరు కింద చీము చేరి, నమిలితే పన్ను పైకి లేచినట్టు అనిపించి, ముఖం వాస్తుంది.

ఆ వాపు వస్తే ఇక నూనె మాటే ఎత్తొద్దు. ముఖం వాచి జ్వరం వచ్చినా, నోరు రెండు వేళ్ల వెడల్పు కూడా తెరుచుకోకపోయినా, ఉమ్మి మింగడం కష్టమైనా, గడ్డం కింద గట్టిగా వాచి నాలుక పైకి నెట్టినట్టు ఉన్నా, వాపు కంటి వైపు పాకినా తెల్లారేదాకా ఆగొద్దు. అది ఊపిరి ఆడే దారిని మూసేసే స్థాయికి పోవచ్చు. 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి వెళ్లాలి. షుగరు ఉన్నవాళ్లకు ఇది మరీ త్వరగా ముదురుతుంది. వాపూ జ్వరమూ లేని మామూలు పోటుకు విజయవాడలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది, గుంటూరు వాళ్లకు పెద్దాసుపత్రిలో పళ్ల విభాగం ఉంది. ఖర్చుకు భయపడి నూనెతో నెలలు నెట్టుకొచ్చేవాళ్లు ముందు అక్కడికి వెళ్లొచ్చు.

పిల్లల సంగతి వేరుగా చెప్పాలి. పాలపళ్లు వచ్చేటప్పుడు పసివాళ్లు ఏడుస్తున్నారని చిగుళ్లకు లవంగ నూనె రాసే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. అది వద్దు. ఒకటి రెండు చెంచాల లవంగ నూనె మింగిన చిన్నపిల్లలకు కాలేయం దెబ్బతిని, ఫిట్స్ వచ్చి, స్పృహ తప్పిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. కొట్టులో అమ్మే చిన్న సీసాలోనే అంత నూనె ఉంటుంది. పిల్లలు మింగితే వాంతి చేయించకుండా, సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లు, గర్భిణులు కూడా డాక్టరును అడక్కుండా వాడకపోవడం మంచిది.

అందుకే ఔషధ నియంత్రణ శాఖ వారికి మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. లవంగ నూనె అమ్మే ప్రతి సీసాకూ చుక్కలుగా పడే మూత, పిల్లలకు అందకుండా ఉంచాలన్న హెచ్చరిక, "పలుచన చేసి మాత్రమే, పంటికి మాత్రమే" అన్న రెండు ముక్కలు తెలుగులో తప్పనిసరి చేయండి. కొట్లవాళ్లకు ఇది భారమేమీ కాదు. ఇప్పటికే కంపెనీ పేరు తాటికాయంత అక్షరాల్లో అచ్చేస్తున్నారు, దాని కింద ఒక వరుస పడుతుంది. ఈలోపు మీ అనుబంధంలో ఆ చిట్కా మళ్లీ వేసేటప్పుడు పక్కనే కొబ్బరి నూనె కొలతా, వాపు, జ్వరం వస్తే ఆగొద్దన్న మాటా కలిపి వేయండి.

ఇట్లు,
ఒక దంతవైద్యురాలు,
సత్యనారాయణపురం, విజయవాడ.