తాళం వేసింది గుత్తేదారు కాదు

సంపాదకులకు,

'గుత్తేదారు నిర్లక్ష్యం, తాళం వీడని క్వార్టర్లు' అని పోయిన వారం మీ జిల్లా పేజీలో వేశారు. ఆ గుత్తేదారుని నేనే. నన్నొక మాట అడిగి వేయాల్సింది.

పని జూన్ 28న పూర్తయింది. జులై 3న కంప్లీషన్ సర్టిఫికెట్ కోరుతూ ఆఫీసులో లెటర్ ఇచ్చి, ముట్టినట్టు స్టాంపు వేయించుకున్నాను. చిల్లర పనులు మిగిలితే దాచలేదు, తేదీలతో సహా అందులోనే రాశాను. మెట్ల దగ్గర స్విచ్‌బోర్డు మూత జులై 8కి, పై అంతస్తులో రెండు కిటికీలకు దోమతెరలు 12కి, ప్రహరీ గేటుకు రెండో కోటు రంగు 15కి. ఇవన్నీ లోపల మనుషులు కాపురం ఉండగానే చేసుకోగల పనులు. స్లాబు కారుతున్నా, డ్రైనేజీ కలపకపోయినా ఆ లెటర్ రాసే ముఖం నాకుండేది కాదు. స్లాబు మీద నీళ్లు నిలబెట్టి ఏఈ గారికి చూపించాం. పరంజీ విప్పి, చెత్త ఎత్తించి, ఫ్లోరింగ్ కడిగించాకే లెటర్ పెట్టాం.

ఒప్పందం రాసుకున్నది కేంద్ర ప్రజాపనుల శాఖ, అంటే సీపీడబ్ల్యూడీ, షరతుల మీద. పనిచ్చిన సంస్థ మాత్రం వేరే. పని అయిన 10 రోజుల్లో నేను నోటీసు ఇవ్వాలి, అది అందిన 30 రోజుల్లో ఇంజినీరు వచ్చి చూడాలి. లోపాలుంటే వాటిని రాసి తాత్కాలిక సర్టిఫికెట్ ఇవ్వాలి, లేకపోతే తుది సర్టిఫికెట్. ఇది ఎనిమిదో క్లాజు. నాకొచ్చిన జవాబు: 'అన్నీ పూర్తిచేసి మళ్లీ దరఖాస్తు చేయండి.' అన్నీ పూర్తయితేనే కాగితం ఇస్తామంటే తాత్కాలిక సర్టిఫికెట్ అనే మాట ఒప్పందంలో ఎందుకు పెట్టుకున్నట్టు? చెప్పిన తేదీలకే ఆ మూడు పనులూ అయ్యాయి, మళ్లీ రాశాను. ఇప్పటికీ చూడటానికి ఎవరూ రాలేదు.

అంతర్జాతీయ కాంట్రాక్టుల్లో వాడే 1999 ఫిడిక్ షరతుల్లో అయితే, భవనం వాడకానికి సిద్ధమై ఉండి, ఇంజినీరు 28 రోజుల్లో సర్టిఫికెట్ ఇవ్వకుండా, కారణం చూపి తిప్పి పంపకుండా ఊరుకుంటే, సర్టిఫికెట్ ఇచ్చినట్టే లెక్క. మన ఆఫీసుల్లో ఊరుకోవడం అంటే ఫైలు బీరువాలో నిద్రపోవడమే. ఈలోగా ఆలస్యానికి పరిహారం నా లెక్కలోనే రాస్తున్నారు. కంప్లీషన్ రికార్డయితే తప్ప పర్ఫార్మెన్స్ గ్యారంటీ బ్యాంకు నుంచి కదలదు. వాచ్‌మన్ జీతం, కరెంటు బిల్లు కూడా నావే.

అసలు సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. రిబ్బన్ కత్తిరించే పెద్దమనిషి తేదీ ఇంకా కుదరలేదు. ఆయన వీలు చూసుకుని వచ్చేదాకా భవనం కాగితాల మీద 'అసంపూర్తి'గానే ఉండాలి. గ్రౌండ్ ఫ్లోర్‌లో మాత్రం ఆఫీసు పాత బెంచీలు, ఫైళ్ల మూటలు ఇప్పటికే చేరాయి. ఆ తాళంచెవి వాళ్ల దగ్గరే ఉంది!

తనిఖీకి రమ్మనండి. తప్పు కనిపిస్తే కాగితం మీద రాయమనండి, చేసి పెడతాను. మీ విలేకరిని కూడా పంపండి, ఈసారి లోపలికి.

ఇట్లు,
ఒక కాంట్రాక్టరు