గుమ్మం దగ్గర నిలబడేవాడికి

చిరంజీవి చిన్నబాబుకు అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమం. నీ దగ్గరి నుంచి కబురు వచ్చి 23 రోజులైంది. పని ఒత్తిడి ఉంటుందని తెలుసు కనుక నేను అడగడం లేదు. మీ నాన్నగారు మాత్రం రోజూ సాయంత్రం "వాడేమైనా వ్రాశాడా?" అని అడిగి, లేదంటే కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చుంటున్నారు. వేళకు తింటున్నావా? ఆ దగ్గు తగ్గిందా?

చెల్లాయి పెళ్ళికి ఇంకా నెల రోజుల వ్యవధి ఉంది. హాలు మాట్లాడడం పూర్తయింది. గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవారిని ఆహ్వానించే పని నీకే అప్పగించాలని అందరం అనుకున్నాము, దానికి నువ్వు ఔనని గాని కాదని గాని చెప్పలేదు. ఇంతలో మీ పిన్ని ఒక మాట చెప్పింది. పోయిన నెలలో నీ స్నేహితుడి పెళ్ళిలో నిన్ను గుమ్మం దగ్గర నిలబెట్టారట, ఆ పెళ్ళికి మీ పెద్దత్తయ్య కూడా వచ్చారట, నువ్వు నవ్వుతూనే "లోపలికి వెళ్ళండి అత్తయ్యా, ఎక్కడైనా కూర్చోండి" అని చెయ్యి చూపించావట, ఆవిడ కాసేపు గోడ పట్టుకుని నిలబడి వెళ్ళిపోయారట. మీ పిన్ని మాటలలో సగం తీసివేసినా సగం మిగులుతుంది. నేను దాని గురించి వ్రాయడానికి కూర్చోలేదు. పెళ్ళి పనుల గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించింది, అంతే.

ముందు జనం లెక్క చెబుతాను. మనం పిలిచినవారిలో 300 మంది వస్తారని అనుకో. వారంతా తీరికగా ఒకరి తరువాత ఒకరు రారు. పెళ్ళి మొదలుకావడానికి ముందు 40 నిమిషాలలోనే 200 మంది దిగుతారు. అంటే నిమిషానికి 5 మంది. కుటుంబానికి నలుగురి చొప్పున చూసుకున్నా ఒక కుటుంబాన్ని పలకరించి నిమిషం తిరగకుండానే మరొక కుటుంబం నీ ఎదుట ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారిని గుమ్మం నుంచి ముందు వరుసల దాకా 25 మీటర్లు నడిపించి, కూర్చోబెట్టి, మంచినీళ్ళు చేతికి ఇచ్చి తిరిగి రావడానికి 3 నిమిషాలు తక్కువ కాకుండా పడుతుంది. ఆ 3 నిమిషాలు గుమ్మం ఖాళీగా ఉంటే మూడు నాలుగు కుటుంబాలు పలకరించేవారు లేక వాటంతట అవే లోపలికి నడిచిపోతాయి. అలాగని నువ్వు కదలకుండా చెయ్యి మాత్రం చూపిస్తే ఆ పెద్దవారు జనంలో ఒంటరిగా నడవవలసి వస్తుంది. కాబట్టి ఇది ఒక్కడు చేసే పని కాదు. నువ్వు గుమ్మం వదలకూడదు, నీ వెనుక మీ బావ, మీ పిన్ని కొడుకులిద్దరు ఉండాలి. వారిలో ఒకరు లోపలికి వెళ్ళినప్పుడు మిగిలిన ఇద్దరు నీ పక్కన ఉంటారు. నేను వారితో మాట్లాడాను. మీ బావ సరేనన్నాడు.

ఒకవేళ ముగ్గురూ లోపలే ఉన్నప్పుడు పెద్దవారెవరైనా వస్తే ఏమి చెయ్యాలన్నది కూడా ఆలోచించాను. గుమ్మం దాటగానే, నడిచే దారికి అడ్డం లేకుండా, గోడ వైపు నాలుగు కుర్చీలు వేయించి పక్కనే మంచినీళ్ళు పెట్టిస్తాను. "ఒక్క నిమిషం ఇక్కడ కూర్చోండి, మా బావ వచ్చి మిమ్మల్ని లోపలికి తీసుకువెళతాడు" అని చెప్పు. తనను తీసుకువెళ్ళడానికి మనిషి వస్తున్నాడని తెలిస్తే ఎంతసేపైనా కూర్చుంటారు. ఎక్కడికి వెళ్ళాలో తెలియకుండా నిలబడడమే వారికి కష్టం.

అప్పగించేటప్పుడు మూడు సంగతులు ఒక్క వాక్యంలో రావాలి. వచ్చినవారు ఎవరు, ఎక్కడ కూర్చోవాలి, ఎవరి పక్కన. "బావా, పెద్దత్తయ్యగారిని నాన్న పక్కన రెండవ వరుస చివర కూర్చోబెట్టు" అంటే ఆ మాట ఆవిడా వింటారు, తన కోసం ఒక చోటు అట్టే పెట్టారని ఆవిడకు అర్థమవుతుంది. "ఎక్కడైనా కూర్చోండి" అనే మాట మర్యాదగా అన్నట్టే ఉంటుంది గాని, మీ కోసం మేము ఏ చోటూ అనుకోలేదని చెప్పడమే అవుతుంది. నువ్వు ఆ ఉద్దేశంతో అనలేదని నాకు తెలుసు. చిన్నవాళ్ళతో అంటే తప్పేమీ లేదు, వాళ్ళకు స్నేహితుల పక్కన కూర్చోవాలని ఉంటుంది.

ఈ సంగతి నాకు ఎలా తెలిసిందో నీకు ఎప్పుడూ చెప్పలేదు. మీ మామయ్య పెళ్ళిలో గుమ్మం దగ్గర నిలబడినది నేనే. అప్పటికి నాకు 24 ఏళ్ళు. మా నాన్నగారి పినతండ్రి, మా చిన్నతాతయ్య, 80 దాటిన మనిషి, మనవడి వెంట వచ్చారు. మనవడు బండి నిలపడానికి వెళ్ళాడు. తాతయ్య కుడి చేతిలో కర్ర, ఎడమ చేతిలో కానుక పొట్లం. "రండి తాతయ్యా, లోపల కూర్చోండి" అన్నాను, అదే క్షణంలో వియ్యాలవారి కారు వచ్చి ఆగింది, నేను అటు తిరిగాను. ఆ తరువాత గంటన్నర దాకా ఆయన నాకు గుర్తుకు రాలేదు.

ఆయన జనాన్ని తప్పించుకుంటూ వెళ్ళి, దగ్గరలో కనిపించిన మెత్తని సోఫాలో కూర్చున్నారు. దానికి ఎత్తు లేదు, కూర్చుంటే మనిషి కిందికి దిగిపోయేది. ఎదురుగా లౌడుస్పీకరు. ఆయన చెవిలో వినికిడి యంత్రం ఉండేది, ఆ హోరు భరించలేక దాన్ని తీసి జేబులో పెట్టుకున్నారు. దాంతో ఎవరు పలకరించినా వినబడలేదు, పెద్దాయన ముభావంగా ఉన్నారని వారు అనుకున్నారు. పళ్ళెంలో పానీయం పట్టుకుని ఒక కుర్రవాడు వచ్చాడు. రెండు చేతులూ ఖాళీ లేవు కనుక ఆయన తల అడ్డంగా ఊపారు. వద్దన్నారనుకుని ఆ కుర్రవాడు వెళ్ళిపోయి మళ్ళీ అటు రాలేదు. ఇవన్నీ తరువాత ఒక్కొక్కరిని అడిగి తెలుసుకున్నవి. నేను కళ్ళారా చూసినది మాత్రం ఒక్కటే. ఆయన సోఫా అంచుకు జరిగి, కర్రను రెండు చేతులతో నేలకు అదిమి లేవబోతున్నారు, లేవలేక మళ్ళీ కూలబడుతున్నారు. నేను పరుగెత్తుకుని వెళ్ళి చెయ్యి పట్టుకుని పైకి లాగాను. "లాగకమ్మా, నన్ను పట్టుకోనివ్వు" అన్నారు. ఆయన అరచెయ్యి కర్ర పిడి ఒత్తుకుని ఎర్రగా కంది ఉంది. కానుక పొట్లం నా చేతిలో పెట్టి, "ఇక వెళ్ళివస్తానమ్మా" అని, ఏమీ తినకుండానే వెళ్ళిపోయారు. మరునాడు మా నాన్నగారు వారింటికి వెళ్ళి వచ్చారు. అక్కడ ఏమి జరిగిందో నాకు చెప్పలేదు.

అందుకని కుర్చీల సంగతి నేనే చూస్తున్నాను. పెద్దవారికి సోఫాలు వద్దు. కూర్చునే చోటు గట్టిగా ఉండి, నిటారు వీపు, రెండు వైపులా చేతులు ఉన్న కుర్చీలు 20 వేరుగా తెప్పిస్తున్నాము. లేచేటప్పుడు చేతులు ఆనించడానికి ఆధారం కావాలి, మోకాళ్ళకంటే నడుము కిందికి దిగకూడదు. వాటిని వరుస మధ్యలో గాక నడిచే దారి పక్కన, లౌడుస్పీకరుకు దూరంగా, వేదిక కనబడేటట్టు, మెట్లు ఎక్కకుండా స్నానాల గది వైపు వెళ్ళగలిగేటట్టు వేయించాలి. కుర్చీ మీద కాగితం అంటించినంత మాత్రాన అది ఎవరికోసమూ ఆగదు, కాబట్టి అక్కడ మీ బాబాయి కూర్చుని కాపలా కాస్తారు. మీ చిన్నతాతగారిని, పెద్దత్తయ్యగారి మామగారిని మాత్రం పక్కపక్కన కూర్చోబెట్టకండి. వారిద్దరి మధ్య ఆ గోడ తగాదా సంగతి నీకు తెలుసు కదా.

నడిపించేటప్పుడు మనం వారి చెయ్యి పట్టుకోకూడదు, మన మోచెయ్యి అందించి వారినే పట్టుకోనివ్వాలి. కర్ర ఉన్న చేతి వైపు కాకుండా రెండవ వైపు ఉండాలి, చేతిలో పొట్లం ఉంటే ముందే అడిగి అందుకోవాలి. వారి అడుగు కంటే మన అడుగు పెద్దది కాకూడదు. కుర్చీ దగ్గరకు వచ్చాక వెంటనే కూర్చోమనవద్దు. వారు వెనుదిరిగి, కాళ్ళ వెనుక భాగానికి కుర్చీ తగిలేదాకా ఆగి, చేతులు ఆనించుకున్నాక నెమ్మదిగా కూర్చుంటారు. ఇదంతా మీ బావకు కూడా చెప్పు, వాడికి తొందర ఎక్కువ.

మంచినీళ్ళు మాత్రం ఎవరినీ "కావాలా?" అని అడగవద్దు, మొహమాటంతో వద్దనేవారే ఎక్కువ. కూర్చున్న తరువాతనే, గ్లాసు నిండుగా పొయ్యకుండా, ఎదురుగా వంగి చేతికి ఇవ్వాలి. తాగినంతసేపూ అక్కడే ఉండి గ్లాసు తీసుకోవాలి, లేకపోతే ఆ ఖాళీ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చాలాసేపు పట్టుకునే ఉంటారు. తీపి పానీయమైతే చక్కెర లేనిది కూడా అదే పళ్ళెంలో ఉండాలి. జబ్బు సంగతి అందరి ముందూ చెప్పుకోనక్కరలేకుండా తమకు కావలసినది తీసుకుంటారు. పెద్దవారి వెంట వచ్చినవారికి కూడా అప్పుడే ఇవ్వాలి.

మధ్యమధ్య నువ్వు లోపలికి ఒకసారి చూస్తూ ఉండు. కుర్చీ వీపు మీద చెయ్యి వేసి కూర్చోకుండా నిలబడినవారికి ఆ చోటు నచ్చలేదన్నమాట. మాటిమాటికీ గుమ్మం వైపు చూసేవారు తమతో వచ్చినవారి కోసం ఎదురుచూస్తున్నారు. అంచున కూర్చుని చేతిసంచీ ఒళ్ళోకి తీసుకున్నవారు వెళ్ళిపోవడానికి సిద్ధపడుతున్నారు, అప్పుడు మాత్రం నువ్వే గుమ్మం మరొకరికి అప్పగించి వెళ్ళి మాట్లాడాలి. గోడ పట్టుకుని నిలబడినవారి సంగతి నేను చెప్పనక్కరలేదు.

రాయకూడదనుకుంటూనే చాలా వ్రాశాను. ఆ రోజు నాలుగైదు గంటలు నిలబడవలసి ఉంటుంది, కొత్త బూట్లు వేసుకోవద్దు, అలవాటైనవే తెచ్చుకో. ముందు రాత్రి త్వరగా పడుకో. ఉదయం ఏదైనా తిన్నాకనే గుమ్మం దగ్గరకు వెళ్ళు.

నిన్న నేను పెద్దత్తయ్యగారికి ఫోను చేశాను. ఆవిడ నిన్ను ఒక్క మాట కూడా అనలేదు. నువ్వు చిక్కిపోయావని మాత్రం రెండుసార్లు అన్నారు. పెళ్ళికి అందరికంటే ముందే వస్తానన్నారు. నువ్వు ఈ ఆదివారం ఆవిడతో ఒకసారి మాట్లాడు. ఏ రోజు బయలుదేరుతున్నావో, గుమ్మం దగ్గర ఉంటావో లేదో, ఒక్క ముక్క మీ నాన్నగారి పేరున వ్రాయి.

ఆశీస్సులతో,
అమ్మ