గడువు తీరిన ఒప్పందం పేరుతో మా డిపాజిట్టు ఆపుకోవడంపై ఫిర్యాదు

బరంపురం, గంజాం జిల్లా
6 అక్టోబరు 2025

మేనేజరు గారికి,
ప్రధాన కార్యాలయం, విశాఖపట్నం

అయ్యా,

బరంపురం గాంధీనగర్‌లో మీ సంస్థ అద్దెకిచ్చిన ఇంట్లో మేము పదిహేను నెలలు ఉన్నాము. నెలకు 9,000 అద్దె ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు. ఆగస్టు 31న ఇల్లు ఖాళీ చేశాము. ఇప్పుడు మీ కార్యాలయం 27,000 డిపాజిట్టు ఇవ్వకపోగా, మరో 36,000 కట్టమని లేఖ పంపింది. ఒప్పందం మార్చి 2026 వరకు ఉందట, మిగిలిన ఏడు నెలల అద్దె 63,000 అట, అందులో డిపాజిట్టు పోగా ఇది బాకీ అట. ఆ లేఖ చదివి మా అత్తగారు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. బాకీ అన్న మాట మా ఇంట్లో ఎన్నడూ వినలేదు.

మీ లెక్కంతా ఒక్క పొరపాటు మీద నిలబడి ఉంది. మనం రాసుకున్న ఒప్పందం 1 జూన్ 2024 నుంచి 30 ఏప్రిల్ 2025 వరకు, పదకొండు నెలలకు. అది నిర్ణీత గడువు అద్దె. ఆ పదకొండు నెలల్లో మధ్యలో వెళ్లిపోవడానికి మాకు హక్కు లేదు, మమ్మల్ని పంపేయడానికి మీకూ హక్కు లేదు, ఎందుకంటే అందులో ముందుగా విడిచిపెట్టే షరతు ఏదీ రాయలేదు. మేము 2024 డిసెంబరులో ఇల్లు వదిలి ఉంటే మీరు పరిహారం అడగడంలో న్యాయం ఉండేది. అప్పుడు కూడా కాంట్రాక్టు చట్టం ప్రకారం సమంజసమైన నష్టమే రావాలి తప్ప మిగిలిన నెలల అద్దె మొత్తం దానంతట అది చేతికి రాదు. మరొకరికి ఇల్లు ఇచ్చి నష్టం తగ్గించుకునే అవకాశం మీకుందా అని కూడా చూస్తారు.

కానీ మేము గడువు మధ్యలో వెళ్లలేదు. ఏప్రిల్ 30తో ఆ గడువు తనంతట తానే ముగిసింది. ఒప్పందం తొమ్మిదో షరతు చదవండి: ఇరుపక్షాలు రాతపూర్వకంగా అంగీకరిస్తే మరో పదకొండు నెలలు పొడిగించవచ్చు అని ఉంది. అలాంటి కాగితం మీరు పంపలేదు, మేము సంతకం చేయలేదు. మే నుంచి ఆగస్టు వరకు మేము అద్దె కట్టాము, మీరు తీసుకున్నారు. ఆ నాలుగు రసీదులూ నా ముందే ఉన్నాయి. ఒప్పందం గడువు రాయవలసిన గడిలో అన్నింటిలోనూ చిన్న గీత మాత్రమే ఉంది.

గడువు తీరాక అద్దెదారు ఇంట్లోనే ఉండి, యజమాని అద్దె తీసుకుంటే ఏమవుతుందో ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 116వ సెక్షన్ చెబుతుంది. వేరే ఒప్పందం లేనప్పుడు, నివాసపు ఇల్లు నెలనెలా సాగే అద్దెగా మారుతుంది. పాత పదకొండు నెలలు మళ్లీ మొదలు కావు. అలాంటి అద్దెను 106వ సెక్షన్ ప్రకారం ఏ పక్షమైనా పదిహేను రోజుల రాతపూర్వక నోటీసుతో ముగించవచ్చు. ఆ నోటీసు నెలాఖరుకే పూర్తి కావాలన్న నిబంధన కూడా ఇప్పుడు లేదు.

మా వారికి రాయగడకు బదిలీ ఉత్తర్వు ఆగస్టు 6న వచ్చింది. నాలుగు రోజుల్లోనే, 10వ తేదీన, రిజిస్టరు పోస్టులో నోటీసు పంపాము. 12న మీకు అందినట్టు రసీదు కార్డు తిరిగి వచ్చింది. అక్కడికి పదిహేను రోజులంటే 27వ తేదీ. మేము 31 వరకు ఉండి ఆ నెల అద్దె పూర్తిగా ఇచ్చాము.

మరో సంగతి చెప్పకుండా ఉండలేను. జూలైలో మీ బరంపురం ఉద్యోగి ఫోను చేసి, యజమాని కొడుకు రావచ్చు, కాబట్టి పదిహేను రోజుల నోటీసిస్తే ఖాళీ చేయాలి అన్నారు. మమ్మల్ని పంపవలసి వస్తే నెలవారీ అద్దె, మేము వెళ్తే పదకొండు నెలల ఒప్పందమా? రెండు వైపులా ఒకటే చట్టం కదా.

తాళాలు అప్పగించిన రోజున ఆయనే ప్రతి కుళాయీ తిప్పి చూశారు. వంటింటి కుళాయి కారుతుంటే మా వారు అప్పటికప్పుడు వాషరు మార్చారు. కరెంటు మీటరు రీడింగు పుస్తకంలో రాసుకుని, నష్టమేమీ లేదని సంతకం చేశారు. ఆ పేజీ ఫోటో జతచేస్తున్నాను. సెప్టెంబరు 10కే ఆ ఇంట్లో కొత్తవాళ్లు దిగారని మా పక్కింటివారు చెప్పారు. అంటే అదే ఇంటికి అదే నెలలకు వాళ్ల దగ్గర, మా దగ్గర కూడా అద్దె అడుగుతున్నారు.

ఆగస్టు నెల కరెంటు బిల్లు మినహాయించుకుని మిగిలిన డిపాజిట్టును ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లో మా బ్యాంకు ఖాతాలో జమ చేయండి. 36,000 బాకీ లేఖను ఉపసంహరించుకున్నట్టు రాసి పంపండి. లేదంటే వకీలు ద్వారా నోటీసిచ్చి బరంపురం సివిల్ కోర్టులో దావా వేస్తాము. ఒప్పందం, నాలుగు రసీదులు, నోటీసు ప్రతి, పోస్టు రసీదు కార్డు నకళ్లు జతచేశాను.

ఇట్లు,
గాంధీనగర్ ఇంటి పూర్వ అద్దెదారు