గుజ్జు కంపెనీల లాభాన్ని కోట్లలో కాదు, నూటికెంత అని చూడాలి

సంపాదకుడికి,

నమస్కారం. మామిడి గుజ్జు కంపెనీల లాభాల గురించి మీ జిల్లా పేజీలో ఈమధ్య వచ్చిన కథనం చదివాక ఈ లేఖ రాస్తున్నాను. ఒక పెద్ద కంపెనీ లాభాన్నీ, మరో చిన్న కంపెనీ లాభాన్నీ కోట్లలో పక్కపక్కన పెట్టి, పెద్దది అన్ని రెట్లు సంపాదిస్తోంది కాబట్టి రైతుకు కిలోకు ఆ మేరకు ఎక్కువ ఇవ్వగలదని ఆ కథనం తేల్చింది. చిత్తూరులో చాలా ఏళ్లు కామర్స్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, తవణంపల్లె వైపు కొద్దిపాటి తోతాపురి తోట ఉన్నవాణ్ణి కూడా. కాయకు మంచి ధర రావాలన్న కోరిక నాకూ ఉంది. అయితే ఆ ముగింపుకు చేరిన లెక్క నిలబడేది కాదు. నిలబడని లెక్కతో అడిగితే కంపెనీల తరఫు ఆడిటరు ఒక్క నిమిషంలో కొట్టిపారేస్తాడు.

కథనంలోని కంపెనీల పేర్లు గానీ, వాటి అంకెలు గానీ ఇక్కడ ఎత్తను. పద్ధతి తేటపడడానికి నేను కల్పించుకున్న రెండు కంపెనీలతో లెక్క వేసి చూపిస్తాను. పెద్ద కంపెనీ 2023-24 అమ్మకాలు 300 కోట్లు, పన్నుకు ముందు లాభం 12 కోట్లు అనుకుందాం. చిన్న కంపెనీ అమ్మకాలు 25 కోట్లు, లాభం కోటిన్నర. కోట్లలో చూస్తే పెద్దది ఎనిమిది రెట్లు సంపాదించింది. అమ్మకాలను నూరు అనుకుని మిగతా పద్దులన్నిటినీ ఆ నూటిలో వాటాలుగా మార్చండి. కళాశాలలో దీన్నే సామాన్య పరిమాణ నివేదిక అనీ, కామన్ సైజ్ స్టేట్‌మెంట్ అనీ చెబుతాం. అప్పుడు పెద్ద కంపెనీకి నూరు రూపాయల అమ్మకంలో మిగిలింది 4 రూపాయలు, చిన్నదానికి 6 రూపాయలు. కిలోకు ఇంకో రూపాయి ఎక్కువ ఇవ్వగల వెసులుబాటు ఎవరికి ఉందన్న ప్రశ్నకు మొదటి జవాబు ఇక్కడే తిరగబడుతోంది.

ఒక్క ఏడాది పట్టికతో ఆగకూడదు. ఇదే పెద్ద కంపెనీ 2021-22లో 200 కోట్లు అమ్మి అదే 12 కోట్లు మిగుల్చుకుంది అనుకుందాం. ఆ ఏడాదిని ఆధార సంవత్సరంగా తీసుకుని ప్రతి పద్దునూ నూరు అనుకుంటే, 2023-24 నాటికి అమ్మకాలు 150కి చేరాయి, లాభం మాత్రం నూరు దగ్గరే ఆగింది. మధ్యలో ఏం జరిగిందో కాయ ఖర్చు చెబుతుంది. అది 110 కోట్ల నుంచి 186 కోట్లకు, అంటే నూరు నుంచి 169కి పెరిగింది. నూరు రూపాయల అమ్మకంలో 55 రూపాయలుగా ఉన్న కాయ వాటా 62 రూపాయలైంది. ట్రెండ్ విశ్లేషణ అన్నా, ధోరణి శాతాలు అన్నా ఇదే. పద్దులు ఒకదానితో ఒకటి ఎక్కడ విడిపోయాయో అది చూపిస్తుంది. ఎందుకు విడిపోయాయో మాత్రం చెప్పదు.

ఈ చివరి మాట దగ్గర కొంచెం నిలబడాలి, ఎందుకంటే చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడే జారతారు. కాయ వాటా 55 నుంచి 62కి పెరిగిందని వినగానే, రైతు చేతికి ఎక్కువ డబ్బు వెళ్లిందని ఎవరికైనా అనిపిస్తుంది, ఫ్యాక్టరీల వాళ్లూ అలాగే చెబుతారు. కానీ కాయ ధర 10 శాతం పడిపోయినా ఈ వాటా పెరగవచ్చు. అదెలాగంటే, నూరు రూపాయల గుజ్జుకు 55 రూపాయల కాయ పడుతున్న రోజుల్లో గుజ్జు ధర 20 శాతం పడి 80 రూపాయలైంది, కాయ ధర 10 శాతం పడి 49 రూపాయల 50 పైసలైంది. 80లో 49.50 అంటే నూటికి దాదాపు 62. రైతుకు కిలో మీద తగ్గింది, కంపెనీ పట్టికలో రైతు వాటా పెరిగింది, రెండూ ఒకే ఏడాది నిజం. పైన నేను వేసుకున్న అంకెలు సరిగ్గా ఈ కథకే సరిపోతాయి. గుజ్జు టన్నులు నూరు నుంచి 187కి పైగా పెరిగి ఉంటే 200 కోట్ల అమ్మకం 300 కోట్లవుతుంది, 110 కోట్ల కాయ ఖర్చు 186 కోట్ల దరిదాపుల్లోకి వస్తుంది.

కాబట్టి శాతాల పక్కన టన్నుల వరుస లేకపోతే ఆ పట్టికతో రైతు పక్షాన గానీ, ఫ్యాక్టరీ పక్షాన గానీ ఎవరూ వాదించలేరు. కొన్న కాయ ఎన్ని టన్నులు, అమ్మిన గుజ్జు ఎన్ని టన్నులు అన్నవి తెలిస్తే, కాయ కొన్న ఖర్చును కొన్న టన్నులతో భాగించి కిలో ధర రాబట్టవచ్చు. ఆ ధరను దామలచెరువు మండీలోనో, బంగారుపాళెం యార్డులోనో ఆ సీజనులో పలికిన ధరతో సరిచూసుకోవచ్చు. రెండింటికీ పెద్ద తేడా వస్తే లెక్కలో ఏదో మనకు కనబడకుండా ఉందన్నమాట. మండీలో తరుగు పేరిట కోసుకునేది ఎవరి ఖాతాలో పడుతుందన్న సంగతి వేరే లేఖకు వదిలేస్తాను.

కనబడకుండా ఉండేవాటిలో మొదటిది జాబ్ వర్కు. కొన్ని ఫ్యాక్టరీలు తామే కాయ కొని, గుజ్జు తీసి అమ్ముతాయి. కొన్ని పానీయాల కంపెనీల తరఫున వాళ్ల కాయనే ఆడించి, టన్నుకు ఇంతని కూలి మాత్రం తీసుకుంటాయి. రెండో రకం వారి పుస్తకాల్లో కాయ ఖర్చు ఉండదు, అమ్మకం కింద వచ్చేది ఆ కూలి మాత్రమే. అందుకే వారి లాభం నూటికి ఇరవై కనబడినా ఆశ్చర్యపడనక్కర్లేదు, అది చిన్న మొత్తం మీద లెక్కగట్టిన ఇరవై. ఒకే ఫ్యాక్టరీ రెండు పనులూ చేస్తూ, ఒక ఏడాది జాబ్ వర్కు ఎక్కువ పట్టుకుంటే దాని కాయ వాటా దానంతట అదే తగ్గిపోతుంది. ఆదాయం వేటి నుంచి వచ్చిందో లెక్కల వెంట ఉండే నోట్సు చూడకుండా ఇలాంటి రెండు కంపెనీలను ఒకే పట్టికలో కూర్చోబెట్టకూడదు.

రెండోది సరుకు నిల్వ. మన దగ్గర తోతాపురి మే చివర నుంచి ఆగస్టు దాకా ఫ్యాక్టరీకి వస్తుంది, లెక్కలు మాత్రం మార్చి 31న మూసేస్తారు. ఆ మధ్యలో అమ్ముడుపోని గుజ్జు డ్రమ్ముల్లో ఉండిపోతుంది. లాభనష్టాల పట్టికలో వాడిన ముడిసరుకు ఖర్చు ఒక వరుసలో, తయారైన సరుకు నిల్వల్లో మార్పు దాని కింద మరో వరుసలో ఉంటాయి. రెండూ కలిపి చూడాలి. మొదటిది మాత్రమే చూస్తే, గుజ్జు ఎక్కువ తీసి తక్కువ అమ్మిన ఏడాది కాయ ఖర్చు విపరీతంగా పెరిగినట్టు కనబడుతుంది. నేను పైన వాడిన 55, 62 రెండూ కలిపి చూసినవే.

ఆస్తి అప్పుల పట్టికలో నూరు అంటే మొత్తం ఆస్తి. పెద్ద కంపెనీ నిల్వ ఒకప్పుడు 150 కోట్ల ఆస్తిలో 27 కోట్లు, అంటే నూటికి 18. రెండేళ్ల తర్వాత 220 కోట్లలో 66 కోట్లు, నూటికి 30. అమ్మకాలు 150కి చేరితే నిల్వ 244కి చేరింది. డ్రమ్ముల మీద తెచ్చిన బ్యాంకు అప్పుకు కట్టే వడ్డీ కూడా అమ్మకాల్లో నూటికి 4 నుంచి 5 అయింది. లాభం పన్నెండు కోట్ల దగ్గర నిలకడగా ఉన్నా, రాబోయే సీజనులో ఈ ఫ్యాక్టరీ గేటు దగ్గర ట్రాక్టర్లు ఎక్కువసేపు నిలబడతాయని ఊహించడానికి నాకు ఈ ఒక్క వరుస చాలు. 2025 సీజనులో తోతాపురి ధర కుప్పకూలి, కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చేలా నిర్ణయం చేయాల్సి వచ్చింది. అప్పుడు పాత గుజ్జు నిల్వల మాట ఊరూరా వినబడింది. ఆ మాటను అంకెల్లో సరిచూసుకునే చోటు ఇదే.

ఆధార సంవత్సరం ఎంచుకోవడంలోనూ మోసపోవచ్చు. చిన్న కంపెనీ లాభం 2021-22లో 40 లక్షలు, 2022-23లో 88 లక్షలు, ఆ తర్వాత కోటిన్నర అనుకుందాం. మొదటి ఏడాదిని ఆధారంగా తీసుకుంటే లాభం 375కి ఎగిసింది. రెండో ఏడాదిని తీసుకుంటే 170 మాత్రమే. అబద్ధం ఎక్కడా లేదు, శీర్షిక మాత్రం పూర్తిగా మారిపోతుంది. ఆధార ఏడాది నష్టం వచ్చి ఉంటే లాభానికి ఈ లెక్కే పనికిరాదు. అమ్మకాలకు, ఖర్చులకు ధోరణి శాతం వేసి, లాభాన్ని నూటికెంత అని చూపడమే మేలని నా అభిప్రాయం.

ఈ వివరాలు దొరకవని మీ విలేకరి అనుకోనక్కర్లేదు. కంపెనీల చట్టం కింద నమోదైన కంపెనీ ఏటా దాఖలు చేసే లెక్కలను కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో కొద్దిపాటి రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు. సాధారణ భాగస్వామ్య సంస్థల లెక్కలు అక్కడ ఉండవు, ఆ సంగతి కథనంలో చెప్పేస్తే సరిపోతుంది. ఒక్కో నివేదికలో ఆ ఏడాదివీ, కిందటి ఏడాదివీ అంకెలుంటాయి కాబట్టి అయిదేళ్ల అంకెలు మూడు నివేదికల్లోనే దొరుకుతాయి. అయితే పద్దులను తర్వాతి ఏడాది వేరే వరుసలోకి మార్చి చూపే అలవాటు ఉంది, అందుకని మిగతా ఏళ్ల నివేదికలూ తెప్పించి, ఏ ఏడాది అంకెనైనా దాని తర్వాతి నివేదికలో కూడా చూసి, మారి ఉంటే మారినదాన్నే తీసుకోవాలి.

ఇకపై ఇలాంటి కథనం వేసేటప్పుడు కోట్ల పక్కన నూటికెంత అన్న వరుసనూ, అయిదేళ్ల ధోరణినీ, కొన్న కాయ టన్నులనూ ప్రచురించమని కోరుతున్నాను. టన్నులు కంపెనీ ఇవ్వకపోతే, అడిగినా ఇవ్వలేదని అచ్చువేయండి.

భవదీయుడు,
ఒక విశ్రాంత కామర్స్ అధ్యాపకుడు,
చిత్తూరు