నీ పొద్దుటి గ్లాసు గురించి

చిట్టితల్లీ,

నువ్వు పంపిన ఫొటో చూశాను. గోరువెచ్చని నీళ్ళు, అర నిమ్మచెక్క రసం, రెండు పెద్ద చెంచాల తేనె, రెండు పెద్ద చెంచాల ఆపిల్ సైడర్ వెనిగర్. తేనె ఇంకా కరగక గ్లాసు అడుగున తీగలుగా కనిపిస్తోంది. ఆరు వారాలుగా పరగడుపున ఇదే తాగుతున్నావని, మొదటి రెండు వారాల్లో రెండు కిలోలు తగ్గి ఆ తర్వాత ముల్లు కదలడం లేదని రాశావు. మోతాదు పెంచాలా అని అడిగావు. చివర్లో మాటవరసకన్నట్టు చల్లని నీళ్ళు తాగితే ముందు పళ్ళు జివ్వుమంటున్నాయని కూడా రాశావు. నా మనసు ఆ చివరి మాట దగ్గరే ఆగిపోయింది. ఇరవై ఏళ్ళుగా ఆహార సలహాలు చెబుతున్నదాన్ని కాబట్టి ఒక్కొక్కటీ వివరంగా రాస్తాను, ఓపికగా చదువు.

ముందు తేనె సంగతి. నీ మాట చదవగానే వంటింట్లో త్రాసు తీసి, పెద్ద చెంచా నిండా తేనె తూచాను. ఇరవై ఒక్క గ్రాములు వచ్చింది. అందులో దాదాపు పదిహేడు గ్రాములు చక్కెరే, కేలరీలు అరవై నాలుగు. నువ్వు వేసుకునేవి రెండు చెంచాలు, అంటే ముప్పై నాలుగు గ్రాముల చక్కెర. తేనెలోని చక్కెరను కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ విడిగా కలుపుకున్న చక్కెర కిందే లెక్కిస్తుంది. అలాంటి చక్కెర రోజు మొత్తానికి సుమారు ఇరవై అయిదు గ్రాములు దాటకపోతే మేలని దాని సూచన. నీకు పళ్ళు తోముకున్న గంటలోపే ఆ లెక్క దాటిపోతోంది. గ్లాసుకు 128 కేలరీల చొప్పున నెలకు 3,840. కిలో కొవ్వులో రమారమి 7,700 కేలరీలుంటాయి. మిగతా తిండి ఏమీ మారకపోతే ఈ తేనె నెలకు అర కిలో కొవ్వును కలుపుతుందే తప్ప కరిగించదు. పంచదార కన్నా తేనె రుచి నాకూ ఇష్టమే, కానీ కొవ్వును కరిగించే గుణం మాత్రం దానికి లేదు.

మరి ఆ రెండు కిలోలు ఎలా తగ్గాయి అంటావు. నీ పాత ఉత్తరాలు తీసి చూశాను. ఈ గ్లాసు మొదలుపెట్టిన వారమే పొద్దున బిస్కెట్లతో తాగే తీపి టీ మానేశావు, రాత్రి పదింటి తర్వాత తినడమూ మానేశావు. తగ్గింది వాటి వల్లే. అందులోనూ మొదటి వారాల్లో పోయే బరువులో నీటి బరువు చాలా ఉంటుంది. ఆ తర్వాత ముల్లు ఆగిపోవడంలో తేనె పాత్ర కూడా ఉందనే నా అనుమానం.

నిమ్మరసం గురించి ఎక్కువ రాయను. కాస్త సి విటమిన్, నాలుగైదు కేలరీలు, మంచి రుచి. వేడినీళ్ళకు కొవ్వు కరుగుతుందనే మాట జిడ్డు గిన్నెను చూసి పుట్టి ఉండాలి. మన కొవ్వు కణాలు ఎప్పుడూ ఒంటి వేడిలోనే ఉంటాయి, నువ్వు తాగిన నీళ్ళు వాటి దగ్గరికి వేడిగా చేరవు. నీళ్ళ వల్ల జరిగే మేలు వేరే ఉంది. భోజనానికి ముందు అర లీటరు నీళ్ళు తాగితే కొందరు, ముఖ్యంగా నడివయసు దాటినవాళ్ళు, కాస్త తక్కువ తింటారు. అందుకు మంచినీళ్ళు చాలు.

వెనిగర్ విషయం మాత్రం పూర్తిగా కొట్టిపారేసేది కాదు. జపానులో అధిక బరువున్న 155 మంది మీద చేసిన పన్నెండు వారాల పరిశీలన 2009లో వెలువడింది. రోజుకు అర లీటరు పానీయంలో పదిహేను మిల్లీలీటర్ల వెనిగర్ తాగినవాళ్ళు కిలోకు కాస్త పైన, ముప్పై తాగినవాళ్ళు రెండు కిలోల లోపు తగ్గారు. మానేసిన నాలుగు వారాలకే బరువు తిరిగి పాత అంకె వైపు వచ్చింది. ఆ పరిశీలన చేసింది వెనిగర్ తయారుచేసే సంస్థ పరిశోధకులే. ఇక నీకు స్నేహితురాలు పంపిన వార్తలోని ‘మూడు నెలల్లో ఏడు కిలోలు’ సంగతి. అది 2024లో లెబనాన్ నుంచి వచ్చిన పరిశీలన. దాని అంకెలను ఇతరులు తిరిగి లెక్కించి చూస్తే పొంతన కుదరలేదు. దాన్ని ప్రచురించిన పత్రిక 2025లో వెనక్కి తీసుకుంది. వార్త మాత్రం ఇంకా ఫోన్ల మధ్య తిరుగుతూనే ఉంది.

వెనిగర్ విషయంలో కాస్త గట్టిగా నిలబడేది మరొకటి ఉంది. పిండిపదార్థం ఎక్కువున్న భోజనంతో పాటు తీసుకుంటే, తిన్న తర్వాత రక్తంలో చక్కెర పెరిగే వేగం కొంత తగ్గుతుంది. అందులోని ఎసిటిక్ ఆమ్లం వల్ల కడుపులోని ఆహారం నెమ్మదిగా కిందికి దిగడం దీనికి ఒక కారణం. ఈ ప్రభావం అన్నంతోనో రొట్టెతోనో కలిసినప్పుడే కనిపిస్తుంది. ఖాళీ కడుపున తాగితే నెమ్మది చేయడానికి అక్కడ ఆహారమే లేదు. ఆకలి తగ్గిందని నువ్వు రాసింది నిజమే కావచ్చు. అయితే అదే వాక్యంలో కాసేపు వికారంగా ఉంటుందనీ రాశావు. వెనిగర్ తాగాక ఆకలి తగ్గినవాళ్ళలో వికారం కూడా కనిపించిందని పరిశోధకులు ఇదివరకే గమనించారు. కడుపు తిప్పడం వల్ల తినలేకపోవడాన్ని నేను మంచి గుణంగా చూడలేను.

ఇప్పుడు పళ్ళు. చిన్నప్పుడు మనం వెనిగర్‌లో గుడ్డు వేసి చూశాం, గుర్తుందా? పెంకు చుట్టూ బుడగలు లేచాయి, మర్నాటికి పెంకు పోయి మెత్తని పొర మిగిలింది. పంటి పైపొర అయిన ఎనామిల్ పెంకు కన్నా చాలా గట్టిది, కానీ అదీ ఆమ్లానికి మెత్తబడుతుంది. ఆమ్లగుణం కొలిచే పీహెచ్ అంకె 5.5 కన్నా తగ్గితే ఎనామిల్‌లోని ఖనిజం కరగడం మొదలవుతుంది. నిమ్మరసం, వెనిగర్ రెండూ సుమారు రెండుకూ మూడుకూ మధ్య ఉంటాయి, నీళ్ళు కలిపినా ఆ అంకె పెద్దగా పెరగదు. నువ్వు ఆ గ్లాసును అరగంట సేపు గుక్కగుక్కగా తాగుతూ, వెంటనే రెండోసారి పళ్ళు తోముతున్నావు. మెత్తబడిన పొరను బ్రష్షుతో రుద్దినట్టే కదా. అరిగిన ఎనామిల్ మళ్ళీ పెరగదు తల్లీ. అంచులు గాజులా పారదర్శకంగా, పళ్ళు పసుపుగా కనిపిస్తున్నాయేమో అద్దంలో చూసుకో.

నేనైతే రేపటి నుంచే తేనె, వెనిగర్ రెండూ ఆపేస్తాను. నిమ్మరసం లేకుండా ఉండలేనంటే అల్పాహారంతో పాటు, నిమిషంలో తాగేసి, మంచినీళ్ళతో పుక్కిలించి, గంట దాకా బ్రష్షు ముట్టుకోకు. టీ, రాత్రి తిండి విషయంలో చేసిన మార్పులను మాత్రం అలాగే కొనసాగించు.

అత్తయ్య కూడా నీ దగ్గర ఈ చిట్కా అడిగిందన్నావు. ఆమెకు చెప్పకు. ఆమె ఇన్సులిన్ వేసుకుంటుంది, నీరు పోయే మాత్ర కూడా వాడుతోంది. వెనిగర్ తోడైతే చక్కెర మరీ పడిపోవచ్చు, పొటాషియం కూడా తగ్గవచ్చు. వాళ్ళ డాక్టరును అడగకుండా మొదలుపెట్టవద్దని నేనే ఫోను చేసి చెబుతాను.

ఈ వారంలోనే దంతవైద్యుణ్ణి కలువు. ఆరు వారాలుగా ఈ గ్లాసు తాగుతున్నట్టు ఆయనకు ముందే చెప్పు, లేకపోతే జివ్వుమనడానికి కారణం వేరే చోట వెతుకుతారు. ఏమన్నారో ఆ సాయంత్రమే రాయి.

ప్రేమతో,
అమ్మ