బుజ్జికి, ఆ మెయిలు సంగతి

బుజ్జీ,

ఎలా ఉన్నావమ్మా. నువ్వు ఫోన్ చేసి పదకొండు రోజులైంది, నేను కాదు, అమ్మ లెక్కపెట్టింది. ఇక్కడ అంతా బానే ఉంది. మొన్న గాలికి మునగచెట్టు సగం విరిగి పెద్దత్త వాళ్ళ గోడ మీద పడింది, ఆవిడ మోకాళ్ళ నొప్పి మర్చిపోయి మరీ పోట్లాటకొచ్చింది. చిన్నాడు వచ్చి కొమ్మలు కొట్టేసి, కాఫీ తాగుతూ మాటల్లో అన్నాడు, అక్క పాత కంపెనీకే మళ్ళీ వెళ్దామనుకుంటోందట, వాళ్ళ రిక్రూటర్‌కి మెయిల్ టైప్ చేసి నెల్రోజులుగా పంపకుండా దాచిందట అని. నేనేం అడగట్లేదు, నీ ఇష్టం. మునగాకు ఎండబెట్టి పొడి కొట్టింది అమ్మ, పంపిస్తాం.

మిల్లులో మా రింగ్‌ఫ్రేం ఫిట్టరు గుర్తున్నాడా, నీకు బారసాలకి వెండిగిన్నె తెచ్చినాయన. కోయంబత్తూరులో జీతం ఎక్కువని వెళ్ళి ఏడాదిన్నరకి తిరిగొచ్చాడు. వచ్చి రెండ్రోజులు గేటు దగ్గర బల్ల మీద కూర్చుని వెళ్ళిపోయాడు, లోపలికి రాలేదు, సిగ్గు. మూడోరోజు నేనే టైమాఫీసులోకి లాక్కొచ్చా. అప్లికేషన్ చూస్తే నాలుగు పేజీలు, అక్కడి మేస్త్రీ ఎంత దుర్మార్గుడో, రూము ఎలా కారేదో అంతా రాశాడు. మేనేజరు ఒక పేజీ చదివి పక్కన పడేసి, రేపు మన గురించీ ఇలాగే రాస్తాడుగా అన్నాడు. నేను మళ్ళీ ఏడు లైన్లలో రాయించా. పాత టోకెన్ నంబరు, ఏ డిపార్ట్‌మెంటు, ఎప్పుడు మానేశాడు, అక్కడ కొత్త మిషను మీద ఏం నేర్చుకున్నాడు, ఎప్పట్నుంచి రాగలడు, అంతే. పాత రిజిస్టరు తీస్తే ఆఖరి పేజీలో నెల నోటీసు పూర్తి, పనిముట్లు అప్పగించాడు, బాకీల్లేవు అని నా చేత్తోనే రాసుంది. ఆ ఒక్క పేజీ చూసి తీసుకున్నారు. తీసుకున్నాక పాత టోకెనే కావాలని, పాత సర్వీసు కలపాలని ఆర్నెల్లు గొడవపడ్డాడు, సెటిల్‌మెంటు తీసుకుని వెళ్ళినవాడికి ఎలా కలుస్తుంది?

ఎందుకు చెప్తున్నానంటే ఏం లేదు, ఊరికే. కానీ నువ్వు తొంభై రోజుల నోటీసు ఒక్కరోజు తగ్గకుండా చేశావు, లాప్‌టాప్ అప్పగించావు, రిలీవింగ్ లెటరు నా బీరువాలోనే ఉంది. ఆ రిక్రూటరు నిన్ను ఎప్పుడూ చూసి ఉండదు, ఆ అమ్మాయి చేసేది నీ ఎంప్లాయీ నంబరు కొట్టి, నువ్వెలా వెళ్ళావు, మళ్ళీ తీసుకోవచ్చని రాసుందా లేదా చూడటం. కాబట్టి నంబరు మొదటి రెండు లైన్లలోనే ఉండాలి. నేనైతే ఇలా రాస్తా, ఇంగ్లీషులోకి నువ్వు మార్చుకో:

"నమస్తే అండి. నేను మీ దగ్గర 2019 ఏప్రిల్ నుంచి 2023 జూన్ వరకు టెస్టింగ్ టీంలో పనిచేశాను, ఎంప్లాయీ నంబరు ఇది. నోటీసు పూర్తిచేసి రిలీవ్ అయ్యాను. ఆ తర్వాత పేమెంట్స్ ప్రాజెక్టులో ఆటోమేషన్ పని చేస్తున్నాను. మీ సైటులో ఉన్న ఫలానా ఉద్యోగానికి మళ్ళీ చేరాలని ఉంది. పాత ఉద్యోగుల్ని తీసుకోవడానికి రూల్సు ఏమిటో, ఇంత గడువు దాటాలని ఏమైనా ఉందో చెప్పగలరా. ఇప్పటి కంపెనీలో నా నోటీసు అరవై రోజులు. రెజ్యూమే జతచేశాను."

ఇప్పటి బాసు గురించి ఒక్క ముక్క వద్దు. జీతం అంకె కూడా మొదటి మెయిల్లో వద్దు, వాళ్ళడిగినప్పుడు చూసుకోవచ్చు. ఆఫీసు మెయిల్ నుంచి పంపకు, నీ సొంత దాన్నుంచి పంపు. దానికి ముందు మీ పాత మేనేజరుకి ఒక ఫోన్ కొట్టు, ఎలాగూ రిక్రూటరు ఆయన్నే అడుగుతుంది, ఆయన ఎవరూ చెప్పలేదే అనకూడదు. సైటులో అప్లై చేస్తే ఇంతకుముందు ఇక్కడ పనిచేశారా అన్న దగ్గర అవును అనే పెట్టు, కొత్తదానిలా లేదు అని పెడితే దాచావనుకుంటారు. వారం దాకా జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచెయ్యి. ఆ అమ్మాయే మానేసిందేమో, రిక్రూటర్లు ఉండరు ఒక చోట.

లెక్చర్ అనుకోకు. నాలుగేళ్ళ పాత సర్వీసు గ్రాట్యుటీకి కలుస్తుందని ఆశ పెట్టుకోకు, ఏకబిగిన ఐదేళ్ళు కావాలి, ఫిట్టరు గొడవే ఇది. పీఎఫ్ మాత్రం డ్రా చెయ్యకు, అదే యూఏఎన్ మీద ట్రాన్స్‌ఫర్ పెట్టించు. ఇంకా, ఆఫర్ లెటరు చేతికొచ్చేదాకా ఇప్పటి ఉద్యోగానికి రిజైన్ చెయ్యకు, ఫోన్లో మాటిచ్చారని నమ్మకు.

గోంగూర జాడీ మూత గట్టిగా పెడుతున్నావా? పైన నూనె తేలకపోతే ఇంకొంచెం కాచి పొయ్యమంటోంది అమ్మ. ఆదివారం పొద్దున ఫోన్ చెయ్యి, మెయిల్ సంగతి నేనడగను, మునగపొడి అందిందా అని మాత్రం అడుగుతా. పంపేశావనుకో, నువ్వే చెప్తావుగా.

నాన్న